‘వల వెయ్యను’ అనడం వేరు, ‘జబ్బు లేదు’ అనడం వేరు

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం రొయ్యల రైతులు, కొనుగోలు ఏజెంట్లు, కొంతమంది కాలేజీ పిల్లలు కూర్చున్న సభలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరస ఖాళీగా ఉంది, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. డబ్బులేం అడగను. లాయరు కదా, అనుమానం సహజమే.

ముందు ఒక ప్రశ్న. బేరం ఆడేటప్పుడు జీవితంలో ఒక్క అబద్ధం కూడా చెప్పనివాళ్ళు చెయ్యెత్తండి. ఆ... అక్కడ ఒక అబ్బాయి ఎత్తాడు. ఏం చేస్తుంటావయ్యా? బీకాం మొదటి సంవత్సరమా. సరే, అయితే నువ్వింకా బేరం ఆడలేదు. చెయ్యి దించు.

ఇంకెవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తను. అలాగని మనమందరం మోసగాళ్ళమా? కాదు గదా. కూరగాయల బండి దగ్గర ‘నలభైకి ఇస్తే ఇయ్యి, లేకపోతే పోతా’ అని రెండడుగులు వేసి, వెనక్కి పిలుస్తాడా లేదా అని చెవి అటే పెట్టి నడుస్తాం. నిజంగా పోదామనుకున్నామా? లేదు. అది అబద్ధమేగా మరి? మోసమా? మీరే ఆలోచించండి. ఇవాళ నేను మాట్లాడేది ఈ ఒక్క విషయమే. బేరంలో ఏ మాట ఎత్తు, ఏ మాట మోసం? ఆ గీత ఎక్కడుంది?

మా ఊరి సంగతితో మొదలుపెడతా. మాది ఒంగోలు పక్క పల్లె. మా నాన్న ఎడ్ల బేరాల్లో మధ్య మనిషి. సంతలో అమ్మేవాడు, కొనేవాడు, మధ్యలో మా నాన్న. పెద్దవాళ్ళకు తెలుసు, ఎడ్ల బేరం నోటితో జరిగేది కాదు. తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పేవాళ్ళు. చుట్టూ యాభై మంది నిలబడినా ఎంత అడిగాడో, ఎంత చెప్పాడో ఎవరికీ తెలిసేది కాదు. నేను ఎనిమిదేళ్ళవాణ్ణి, నాన్న మొహం చూస్తా నిలబడేవాణ్ణి. ఆ తువ్వాలు కింద ఎన్ని అబద్ధాలు నడిచేవో! ‘ఇంతకి తగ్గితే తాడు తిప్పుకుని పోతాడంట’ అని వేళ్ళు చెప్పేవి. తాడు తిప్పేవాడు కాదు. ‘ఇంతకంటే కానీ ఎక్కువ లేదంట’ అని అటువైపు వేళ్ళు. రొంటిన ఇంకా ఉండేది. ఎవరూ ఎవర్నీ తప్పు పట్టేవాళ్ళు కాదు.

కానీ ఒక్క మాట మాత్రం తువ్వాలు కిందకి వచ్చేది కాదు. పళ్ళు. కోడె పాలపళ్ళ మీద ఉందా, రెండు పళ్ళు వేసిందా, నాలుగా, ఆరా, పళ్ళు నిండాయా? దాన్ని బట్టే వయసు, దాన్ని బట్టే ఇంకెన్నేళ్ళు పని చేస్తుందో. అమ్మేవాడు ‘ఆరు పళ్ళే’ అంటే నాన్న మాట్లాడకుండా ఎద్దు దగ్గరికి పోయి, ముక్కుతాడు పట్టుకుని, పెదవి ఎత్తి, కొనేవాడికి చూపించేవాడు. నువ్వే లెక్కపెట్టుకో. ధర గురించి ఎంతైనా అబద్ధం ఆడుకోండి, పళ్ళ గురించి ఆడొద్దు. ఆ సంతలో రాయని చట్టం అది.

ఇది గుర్తుపెట్టుకోండి. నా ధర నా మనసులో ఉంటుంది. పళ్ళు ఎద్దు నోట్లో ఉంటాయి. ఈ రెండిటికీ మధ్యలోనే ఎక్కడో మన గీత ఉంది. కరెక్టుగా ఎక్కడో చూద్దాం, ఎందుకంటే అది అంత తిన్నగా లేదు.

దీని మీద పెద్దపెద్దవాళ్ళు వాదించుకున్నారు. 1968లో ఆల్బర్ట్ కార్ అనే ఆయన హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశాడు. వ్యాపారం పేకాట లాంటిది, పోకర్ ఆడేవాడు చేతిలో ముక్కలు దాచిపెట్టి బెదిరిస్తే తప్పు అంటామా, వ్యాపారంలోనూ అంతే, ఇంట్లో పాటించే నీతి ఇక్కడికి తేవద్దు అన్నాడు. అప్పట్లో పెద్ద గొడవే అయింది. నేను ఆయన పోలిక సగం ఒప్పుకుంటా. మనకు పోకర్ ఎందుకు, రమ్మీ ఉంది. రమ్మీ ఆడనివాళ్ళు ఈ జిల్లాలో ఎంతమంది? నవ్వకండి. రమ్మీలో నాకు కావాల్సిన రంగులోదే ఒక ముక్క కింద పారేసి, నాకది అక్కర్లేదని నీకు అనిపించేలా చేస్తా. తప్పా? కాదు, అది ఆట. అదే జోకరు తొడ కింద పెట్టుకుంటే? లేచి కొడతారు. రెండూ మోసపుచ్చడమే, కానీ ఒకటి ఆటలో ఉంది, రెండోది ఆటనే పాడుచేస్తోంది. కార్ గారు మొదటిదాన్ని చూపించి రెండోదానికి కూడా తలుపు కాస్త తీశాడని నా అభిప్రాయం. ఇంకొకటి, పేకాటకి కూర్చున్నవాడికి తను ఆటలో ఉన్నానని తెలుసు. మొదటి పంట తీస్తున్న కుర్రాడికి గట్టు మీద అది తెలుసా?

సరే, గట్టు మీదకే పోదాం. మీకు బాగా తెలిసిన చోటు.

ఒక రైతు. ఊరు చెప్పను, పేరు చెప్పను, అంకెలు కూడా మన లెక్క కోసం నేను వేసుకున్నవే. వనామీ రొయ్యల గుంట, మూడు టన్నులు వస్తుందని అంచనా, కౌంటు యాభై. కాలేజీ పిల్లల కోసం చెప్తున్నా, యాభై కౌంటు అంటే కిలోకి యాభై రొయ్యలు తూగుతాయని. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. రైతు మనసులో లెక్క ఇది: కిలోకి 275 వస్తే అప్పులు తీరి ఏదో మిగులుతుంది, అంతకు తగ్గితే అమ్మను. ఏజెంటు మనసులో లెక్క: కంపెనీ ఇచ్చేదాంట్లో నా ఖర్చులూ నా కమిషనూ పోను 305 దాకా పెట్టొచ్చు. వీడిది వాడికి తెలియదు, వాడిది వీడికి తెలియదు. 275కీ 305కీ మధ్య ముప్పై రూపాయలుంది. మూడు టన్నుల మీద తొంభై వేలు. బేరమంతా ఆ తొంభై వేలలో ఎవరికెంత అని.

ఏజెంటు ‘ఏం అన్నా, ఎంతనుకుంటున్నావ్’ అన్నాడు. రైతు ‘తమ్ముడూ, మూడొందలు లేకపోతే వల వెయ్యను’ అన్నాడు.

ఆపండి ఇక్కడ. ఇది అబద్ధమా? అబద్ధమే, 275కే వేస్తాడు. మోసమా? నేను కాదంటాను. ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, ఆ మాట రొయ్య గురించి కాదు, తన మనసు గురించి. రెండు, ఈ మాటని మాటగా తీసుకోవాలని ఏజెంటుకి తెలుసు. గట్టు మీద ‘వల వెయ్యను’ అన్న మాట విని ఎవడైనా బండి ఎక్కి పోయాడా? పోలేదు. ‘285 దాటితే నావల్ల కాదన్నా’ అన్నాడు. అదీ అబద్ధమే, అదీ ఆటలోదే. విన్నవాడు దాని మీద నమ్మకం పెట్టి డబ్బు పెట్టడు, అందుకే అది ఎత్తు. అమెరికాలో బార్ అసోసియేషన్ లాయర్లకు నియమాలు రాసిపెట్టింది. వాటి వివరణలో కూడా ఇదే ఉంది: ఇంతకైతే ఒప్పుకుంటా, ఇంతకైతే ఒప్పుకోను అన్న మాటల్ని మామూలుగా వాస్తవాన్ని చెప్పినట్టుగా లెక్కలోకి తీసుకోరు.

దీనికి ఖర్చు లేదని మాత్రం అనుకోకండి. మూడొందలు లేకపోతే వెయ్యనని అని, రాత్రికి 288కి వేస్తే, వచ్చే పంటకి నువ్వు ‘వెయ్యను’ అంటే ఆ ఏజెంటు టీ తాగి కూర్చుంటాడు, నువ్వే ఫోన్ చేస్తావని. పైగా రొయ్య వడ్లు కాదు, గోతాల్లో పోసి ఆపడానికి. రోజూ మేత, ఏరేటర్ల కరెంటు, డీజిలు. నువ్వు ఎన్ని రోజులు ఆగగలవో వాడికి నీకంటే బాగా తెలుసు. అందుకే నేను రైతులకి చెప్తుంటా, ‘వెయ్యను’ అనేకంటే ‘మూడొందలు అడుగుతున్నా, నా కింది లెక్క నీకు చెప్పను’ అనడం మేలని. అందులో అబద్ధమే లేదు. ‘చెప్పను’ అనడానికి మనవాళ్ళకి ఎందుకో మొహమాటం. అబద్ధం ఆడటానికి లేని మొహమాటం దీనికెందుకో నాకర్థం కాదు.

బేరం 288 దగ్గర ఆగింది. రైతుకి టెన్షన్. అప్పుడు ఇంకో మాట అన్నాడు. ‘నిన్న సాయంత్రం ఇంకొకాయన వచ్చి 298కి అడిగిపోయాడు.’ ఎవరూ రాలేదు, ఎవరూ అడగలేదు.

ఇప్పుడు చెప్పండి. ఎత్తా, మోసమా? ఎత్తే అంటున్నారు, సగం మంది. ఆ మూల నుంచి మోసం అని ఒకరన్నారు, ఆయన ఏజెంటే అయ్యుంటాడు!

నా మాట చెప్తా, మీకు నచ్చకపోవచ్చు. ఇది గీత అవతల ఉంది. ‘నాకు 298 కావాలి’ అన్నది నా మనసు. ‘298కి అడిగాడు’ అన్నది లోకంలో జరిగిన సంగతి. నిన్న సాయంత్రం, ఒక మనిషి, ఒక ధర. జరిగిందా లేదా అని అడగొచ్చు, అవునో కాదో జవాబుంటుంది. పళ్ళ లాంటిదే. దాన్ని నమ్మి ఏజెంటు ఏం చేస్తాడు? మార్కెట్టు అక్కడికి పోయిందనుకుని తన డబ్బు పది రూపాయలు పెంచుతాడు. మూడు టన్నుల మీద ముప్పై వేలు, లేని మనిషి పేరుతో.

సంతలో ఈ పని చేసేవాళ్ళని నేను చిన్నప్పుడే చూశాను. బేరం నలుగుతుంటే ఎక్కణ్ణుంచో ఒకడు వచ్చేవాడు. ‘ఏంది, ఇంకా తాడు మార్చలా? పొద్దున నేను అంతకంటే వెయ్యి ఎక్కువ చెప్పా గదయ్యా’ అనేవాడు. కొనేవాడికి గుండె జారేది, వేళ్ళు గబగబా పైకి పోయేవి. నేను నిజమనే అనుకున్నా. మధ్యాహ్నం చూస్తే అదే మనిషి ఇంకో జత ఎడ్ల దగ్గర అదే మాట అంటున్నాడు, మాటకి మాట అంతే, ఆ ‘తాడు మార్చలా’ కూడా అంతే. ఒక టీ, ఒక బీడీ కట్ట, అంతకే. నాన్నకి చెప్తే ‘నాకు తెలుసులేరా’ అన్నాడు. ఆ అమ్మేవాడి బేరం మాత్రం మళ్ళీ ఎప్పుడూ పట్టుకోలేదు.

చట్టానికి కూడా ఈ మనిషి తెలుసు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 64వ సెక్షన్‌లో ఉంది: వేలంపాటలో అమ్మేవాడు ధర పెంచడానికి దొంగ పాట పాడిస్తే, ఆ అమ్మకాన్ని కొన్నవాడు కావాలంటే రద్దు చేసుకోవచ్చు. వేలంలో దొంగ పాట మోసమైతే, గట్టు మీద లేని మనిషి చేత 298 పాడించడం ఏమిటి? అదీ దొంగ పాటే గదా, కాకపోతే పాడేవాడు కూడా లేడు, వాడి ఖర్చు కూడా మిగుల్చుకున్నావు.

అమెరికాలో మసాచుసెట్స్ కోర్టుకి 1952లో అచ్చం ఇలాంటిదే వచ్చింది. ఒక బిల్డింగు ఓనరు, అద్దెకున్నవాడితో ఫలానావాడు ఏడాదికి పదివేల డాలర్లు ఇస్తానంటున్నాడు, నువ్వూ అంతిస్తే ఉండు అన్నాడు. వీడు భయపడి ఒప్పుకున్నాడు. తర్వాత తెలిసింది, అలాంటి బేరమే లేదని. అమ్మేవాళ్ళ గొప్పలు మామూలేలే అని కోర్టు వదిలెయ్యలేదు. ఇది మోసం కింద దావాకి నిలుస్తుంది అంది.

ఇక్కడ రైతులకి కోపం వస్తుంది, నాకు తెలుసు. ‘ఏజెంట్లు మాతో ఎన్ని అబద్ధాలు ఆడతారు సార్, మేం ఒక్కటి ఆడితే తప్పా?’ నిజమే, వాళ్ళ సంగతికీ వస్తా. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మీలో చాలామంది ఈ అనుభవం చూసే ఉంటారు. ఏజెంటు గట్టు మీదకొచ్చి ‘అన్నా, రేటు ఇంకా పడుద్ది, ఇప్పుడే ఇచ్చెయ్యి’ అన్నాడనుకోండి. అది జోస్యం. వాడికీ తెలియదు, నీకూ తెలియదు, నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. కానీ ‘ఇవాళ పొద్దున కంపెనీ యాభై కౌంటుకి ఇరవై తగ్గించింది’ అన్నాడు, కంపెనీ ఏమీ తగ్గించలేదు. అది మోసం. ఒకటి రేపటి సంగతి, ఒకటి ఇవాళ పొద్దున్నది. తమాషా ఏమిటంటే ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో, ఒకే ఊపిరిలో వస్తాయి. విడదీసి వినాలి.

ఇప్పుడు అసలు చిక్కు. మౌనం.

మన రైతు గుంటలో రెండు రోజులుగా మేత తగ్గింది. చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది. పొద్దున నాలుగైదు రొయ్యలు గట్టుకి చేరి మందకొడిగా ఉన్నాయి, ఒకదాని తల పెంకు తీసి వెలుగుకి పట్టి చూస్తే తెల్ల మచ్చలు. మీకు చెప్పక్కర్లేదు, తెల్లమచ్చ వచ్చిందంటే రోజుల్లో గుంట ఖాళీ అయిపోతుంది. అందుకే వల వెయ్యాలనుకున్నాడు. ఏజెంటుకి చెప్పాలా?

మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. 17వ సెక్షన్ మోసం అంటే ఏమిటో చెప్తుంది, చివర చిన్న ఉదాహరణలు ఇస్తుంది. నాకు ఆ ఉదాహరణలంటే చాలా ఇష్టం, కథల్లా ఉంటాయి. ఒకడు వేలంలో గుర్రం అమ్ముతున్నాడు, దానికి లోపముందని వాడికి తెలుసు, ఏమీ మాట్లాడలేదు. మోసం కాదు అంటుంది చట్టం. ఆశ్చర్యంగా ఉందా? అవును, ఊరికే నోరు మూసుకుంటే మోసం కాదు. తర్వాతి ఉదాహరణ: కొనేది తన సొంత కూతురు, అప్పుడే మేజరైంది. అప్పుడు చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ బంధమే అలాంటిది, ఆ పిల్ల తండ్రిని నమ్మి కొంటోంది. మూడోది చూడండి, ఇది బ్రహ్మాండం. కొనేవాడు అంటాడు, ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా’ అని. అమ్మేవాడు మాట్లాడలేదు. ఇక్కడ ఆ మౌనమే మాట. మౌనం అర్ధాంగీకారం అంటాం గదా, చట్టం ఇక్కడ పూర్తి అంగీకారం అంటోంది.

గుంట దగ్గరికి తెద్దాం. ఏజెంటు ఏమీ అడగలేదు, వల విసిరి చూసుకున్నాడు, కౌంటు వేసుకున్నాడు, ధర చెప్పాడు. రైతు మాట్లాడలేదు. చట్టం ప్రకారం చాలావరకు రైతు బయటపడతాడు, ఎందుకంటే రొయ్య ఎదురుగా ఉంది, చూసే చెయ్యి ఏజెంటుది, రోజూ అదే పని చేసేవాడు. 19వ సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది: మౌనం వల్ల మోసపోయానన్నవాడు, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగి ఉంటే, కాంట్రాక్టు రద్దు అడగలేడు.

అదే ఏజెంటు అడిగాడు. ‘అన్నా, గుంటలో జబ్బేమన్నా ఉందా?’

ఇప్పుడు మూడు దార్లున్నాయి. ‘ఏమీ లేదు తమ్ముడూ, బంగారం లాంటి గుంట.’ ఇది మోసం, దీనికి వంక లేదు. ‘నువ్వు వల విసిరి చూసుకోవాల్సింది’ అని తర్వాత తప్పించుకోవడానికీ లేదు. నేనిప్పుడు చెప్పిన మినహాయింపు మౌనానికీ, పొరపాటున చెప్పిన తప్పు మాటకీ మాత్రమే. తెలిసి నోటితో ఆడిన అబద్ధానికి అది గొడుగు పట్టదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, చూసుకునే బాధ్యత వాడిదేగా అని.

రెండో దారి. ‘నేనేం చెప్పను, వల విసురు, రొయ్య చూసుకో, నీ ధర చెప్పు.’ ఇది నిజాయితీ. దీనివల్ల ఏజెంటుకి అనుమానం వస్తుంది, ధర పడుతుంది. అవును, పడుతుంది. నిజాయితీ ఉచితం అని నేనెక్కడా అనలేదే.

మూడో దారి అందరూ నడిచేది. ‘మొన్న చూశా తమ్ముడూ, మేత అంతా తినేశాయి. ట్రే నాకి పెట్టినట్టుంది.’ మొన్న అంటే నాలుగు రోజుల కింద. నాలుగు రోజుల కింద నిజంగా తిన్నాయి. ఒక్క అక్షరం అబద్ధం లేదు. కోర్టు మెట్లెక్కినా ప్రమాణం చేసి చెప్పొచ్చు. కానీ ఎందుకు చెప్పాడు? ఇవాళ కూడా తింటున్నాయని వాడు అనుకోవాలని. సగం నిజం, మొత్తం అబద్ధం చేసే పనే చేస్తుంది. నన్నడిగితే ఇది మొదటి దారికంటే నీచం, ఎందుకంటే మొదటివాడికి తను అబద్ధం ఆడానని తెలుసు, వీడు రాత్రి నిజాయితీపరుడిగా నిద్రపోతాడు. మా వృత్తిలో దీన్ని చూసి చూసి నాకు విసుగొచ్చింది. మా వృత్తిలోనే ఎక్కువ కూడా!

మందుల ప్రశ్నకి వచ్చేసరికి నేను బేరమే ఒప్పుకోను. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు, నిషేధించిన యాంటీబయాటిక్స్. ‘వాడావా’ అంటే జవాబు కంటికి కనపడదు, పెదవి ఎత్తి చూడ్డానికి పళ్ళు కావు. ల్యాబులో ఎలైజా పరీక్ష చేస్తే తప్ప బయటపడదు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా వాళ్ళు పట్టుబడికి ముందు పరీక్ష పెట్టింది అందుకే. అవతలివాడు చూసుకోలేని సంగతిలో నీ మౌనం కూడా బరువెక్కుతుంది. కాబట్టి ఏజెంటు అడిగాడా లేదా అని చూడకుండా చెప్పాలంటాను. పైగా ఆ రొయ్య తినేవాడు ఈ బేరంలో లేనే లేడు, వాడి తరఫున అడిగేవాడూ లేడు.

ఇంకొకటి, కొనేవాళ్ళ వైపుది. 17వ సెక్షన్‌లో ఒక చిన్న వాక్యం ఉంది, మన జిల్లాలో అందరి గోడ మీదా రాసి పెట్టుకోవాల్సింది: నెరవేర్చే ఉద్దేశం లేకుండా ఇచ్చిన మాట కూడా మోసమే. ‘లోడు ఎత్తిన ఐదో రోజు డబ్బు’ అంటాడు. వేరే గుంటల బాకీలు తీర్చకుండా ఐదో రోజు ఇవ్వలేనని వాడికి ఆ క్షణానే తెలుసు. ఇద్దామనే అనుకుని, కంపెనీ దగ్గర ఆగిపోయి ఇవ్వలేకపోతే అది మాట తప్పడం, బాకీ. ఇవ్వనని తెలిసి ఇస్తాననడం మోసం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా ఎలా తెలుస్తుంది? ఆ వారంలోనే ఇంకో నలుగురికి అదే ఐదో రోజు చెప్పాడా, అప్పటికే ఎంతమందికి బాకీ ఉన్నాడు అని చూస్తాం. సంతలో ఆ మనిషి లాగే, ఒకే మాట రెండు చోట్ల దొరికితే పట్టుబడతాడు.

మరి గట్టు మీద, చేతిలో చట్టం పుస్తకం లేకుండా, ఏది ఎత్తు, ఏది మోసం అని మీరెలా కనిపెట్టాలి? నేను వాడే పద్ధతి ఒకటే. ‘రాసిస్తావా?’ అని అడుగుతా. కాటా చీటీ వెనక చాలు. ‘మూడొందలు లేకపోతే వెయ్యను’ అన్నవాణ్ణి రాసిమ్మంటే నవ్వుతాడు, ఎందుకంటే అది రాసుకునే మాట కాదని ఇద్దరికీ తెలుసు. ‘జబ్బు లేదు, నిషేధించిన మందులు వాడలేదు’ అన్నవాణ్ణి రాసిమ్మంటే, నిజమైతే రాసిస్తాడు. అబద్ధమైతే ‘ఏం అన్నా, నామీద నమ్మకం లేదా’ అంటాడు. ఆ మాట వినపడగానే చెవులు నిక్కించండి. అలాగే ‘ఇంకొకడు అడిగాడు’ అంటే, ఎవరు, ఎప్పుడు, ఎంత కౌంటుకి, డబ్బు ఎన్ని రోజుల్లో అని నాలుగు ప్రశ్నలు వెయ్యండి. నిజంగా అడిగినవాడుంటే నాలుగు జవాబులూ టకటకా వస్తాయి. లేకపోతే మూడోదానికి ఫోన్ మోగుతుంది.

టైమయింది అంటున్నారు. ఒకరిద్దరు అడగాలనుకుంటే అడగండి.

ఏమిటండీ? ‘ఏజెంటు సూటిగా 275కి ఇస్తావా అని నా కరెక్టు లెక్కే అడిగితే, ఇవ్వను అంటే అబద్ధం, ఇస్తానంటే నష్టం, ఏం చెయ్యాలి’ అంటున్నారు. మంచి ప్రశ్న. ‘అడిగేది మూడొందలు, దాని సంగతి మాట్లాడు’ అనండి. అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు బాకీ లేం కదా. అయినా నోరు జారి ‘ఇవ్వను’ అన్నారనుకోండి, నేనేం మిమ్మల్ని మోసగాడనను. తువ్వాలు కింద వేలు అది.

ఆ, ఇంకొకరు, ఆ ఎర్ర చొక్కా. ‘నా గుంట బాగుంది, పక్క గుంటకి తెల్లమచ్చ వచ్చింది. ఏజెంటు నా గుంట గురించే అడిగాడు. పక్క గుంట సంగతి చెప్పాలా?’

హుఁ. పక్క గుంట నీరు నీ గుంటలోకి వస్తుందా? ఒకే కాలవ అంటున్నారు. రొయ్యలు మేత తింటున్నాయా? తింటున్నాయి. ఎన్ని రోజుల్లో వల? రేపు రాత్రికేనా. రేపు రాత్రికి వల వేసి ఐసులో పెట్టేస్తే వాడికి పోయేదేమీ లేదు, ‘నా గుంట బాగుంది’ అన్న మాట నిజమే, నేనైతే అంతవరకే చెప్పి ఊరుకుంటా. అదే వాడు నాలుగు రోజులాగి వల వేస్తానని ఇప్పుడే ధర ఖాయం చేసుకుంటుంటే మాత్రం... లేదు, అప్పుడు చెప్పాలి. మా నాన్న అయితే రేపు రాత్రికైనా చెప్పమనేవాడేమో. నేనింకా దాని దగ్గరే ఆగి ఉన్నా.